గుడ్డ కప్పిన పాఠం

కుట్టు టీచరమ్మ చేతిపని ఎంత నాజూకో నోటిపని అంత దురుసు. ఆవిడ కుట్టిన కాలర్ మీద వంక పెట్టడానికి ఎవరికీ దమ్ము చాలదు. ఆవిడ నోట్లో పడి సాపుగా బయటికొచ్చిన వాళ్ళు మాత్రం ఆ వీధిలో లేరు. అదేదో గొప్పన్నట్టు "నాకు లోపలొకటీ బయటొకటీ ఉండదమ్మా" అంటుంది. ఉంటేనే బాగుండేదని ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆవిడకు తెలియలేదు, పాపం.

ఇంటి ముందుగదే ఆవిడ బడి. గోడవారగా మిషన్లు, మధ్యలో పొడుగాటి కటింగ్ బల్ల, దాని చివర స్టాండుకి తగిలించిన ఫోను, వెనకాల గుండ్రటి లైటు. కింద ఎప్పుడూ దారప్పోగులూ పీలికలూ. ఆవిడకొక అలవాటుంది. కుట్టడం అయిపోగానే మిషను మీద లైనింగు గుడ్డ ఒకటి కప్పేస్తుంది. గుడ్డ కప్పితే ఆ రోజుకి పని అయిపోయినట్టే లెక్క. ఇక దేవుడొచ్చి అడిగినా తియ్యదు.

పాఠం చెప్పడం వరకే ఆవిడ వంతు. మిగతా ఛానెలంతా తోడికోడలిదే. తోడికోడలంటే మరిది భార్య, పై వాటాలో ఉంటుంది. మాట తక్కువ మనిషి. వీడియో తియ్యడం, అక్కర్లేనివి కత్తిరించడం, పేరు పెట్టి ఎక్కించడం, చూసినవాళ్ళు కింద రాసే ప్రశ్నలకి జవాబులివ్వడం అన్నీ ఆమే చూసుకుంటుంది. సూదిలో దారం ఎక్కించడం మాత్రం రాదు. టీచరమ్మ ఆమెకు పెట్టిన నియమం ఒక్కటే. "నన్నడక్కుండా నా వీడియో ఒక్కటి కూడా తీసెయ్యడానికి వీల్లేదు. నా చెమటది."

ఆ మధ్యాహ్నం శిక్షణ కేంద్రం నుంచి మేడం వచ్చింది. ఛానెల్లోని పాఠాలన్నీ తమ విద్యార్థులకి పాఠ్యక్రమంగా పెట్టుకుంటామనీ, మీరు మా ఫ్యాకల్టీ అవుతారనీ ఫోనులో ముందే చెప్పింది. ఇన్నేళ్ళూ 'ఆ బట్టలు కుట్టే ఆవిడ' అనిపించుకున్న మనిషికి ఆ 'ఫ్యాకల్టీ' అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. పొద్దున్నే గదంతా ఊడ్పించి, ఉన్నవాటిలో మంచి కుర్చీ లైటు పక్కన వేయించింది.

మేడం కూర్చుంది, మంచినీళ్ళు తాగింది, ఫోను తీసింది. "చిన్న అనుమానం అండీ. మీ పేజీ పైన రెండువందల పన్నెండు వీడియోలని ఉంది. మా ఆఫీసమ్మాయి పాఠాల పేర్లు రాసుకుందామని కిందికంటా వెళ్ళి చూస్తే నూట ఎనభై ఏడే వచ్చాయట. రెండుసార్లు చూసిందట. మిగతావి ఏమయ్యాయి? మా పైవాళ్ళు అడుగుతారు, అందుకని."

టీచరమ్మ ముఖం పాలిపోయింది. ఇరవై అయిదు పాఠాలు! తను నడుం పడిపోయేలా నిలబడి చెప్పినవి! పైగా ఈ మేడం ఏమనుకుంటోంది, తను లేనివి ఉన్నట్టు చూపించుకుంటోందనా? భయం వేస్తే ఊరుకోవడం ఆవిడకు చేతకాదు, కోపంలోకి దిగుతుంది. మెట్ల దగ్గరికెళ్ళి పిలిచింది.

"ఏమే, కిందికి రా ఒకసారి!"

తోడికోడలు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. మేడాన్ని చూసి నమస్కారం పెట్టింది. అది పూర్తికాకుండానే టీచరమ్మ అందుకుంది.

"నా వీడియోలు ఏం చేశావు? ఇరవై అయిదు కనబడట్లేదు. నేను చెప్పానా లేదా, ముట్టుకోవద్దని?"

"నేనేం చెయ్యలేదక్కా."

"నువ్వు చెయ్యకపోతే వాటికి కాళ్ళొచ్చి వెళ్ళిపోయాయా? తాళాలన్నీ నీ దగ్గరే కదా. నా పేరు నలుగురిలో వినబడుతుంటే నీకు కంటగింపుగా ఉందేమో, నాకేం తెలుసు!"

పరాయి మనిషి ముందు అంత మాట! మేడం ఫోనులోకి తల దించుకుంది. తోడికోడలు చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొంతు పెంచలేదు. మేడం దగ్గర ఫోను అడిగి తీసుకుని, ఇద్దరికీ కనబడేలా బల్ల మీద పెట్టింది.

"ఏవీ పోలేదండీ. పైన కనబడే లెక్క ఛానెల్లో అందరికీ కనబడేలా పెట్టినవాటన్నిటికీ కలిపి. మీ ఆఫీసమ్మాయి చూసింది 'వీడియోలు' అన్న విభాగం ఒక్కటే. అందులో పెద్ద పాఠాలు మాత్రమే ఉంటాయి. చిన్న చిన్న ముక్కలు పక్కన 'షార్ట్స్'లో ఉంటాయి. ఇదిగోండి." వేలితో పక్కకి నొక్కింది. గుండీ కాజా, సూది మార్చడం, మిషను పాదం బిగించడం, అన్నీ వరసగా వచ్చాయి. "ఇవి పంతొమ్మిది."

"ఓ, అదా సంగతి!" అంది మేడం తేలిగ్గా. "మరి దాచిపెట్టినవి కూడా పైన లెక్కలోకి వస్తాయా?"

"రావండీ. ప్రైవేటులో పెట్టినవి మాకు లోపల కనబడతాయి గానీ, బయటి లెక్కలో ఉండవు."

తప్పు తనదని తెలిసినప్పుడు మనిషి ఆగాలి. టీచరమ్మ ఆగలేదు. ఓడిపోయినట్టు అనిపించి, వేళ్ళ మీద లెక్క కట్టింది. "నూట ఎనభై ఏడూ పంతొమ్మిదీ రెండువందల ఆరు. ఇంకా ఆరు తక్కువ. అవేవి?"

తోడికోడలు తెర మీంచి వేలు వెనక్కి తీసుకుంది. "లైవ్‌లోవక్కా. మనం లైవ్ క్లాసులు పెట్టాం కదా, అవి అయిపోయాక కూడా వీడియోల్లా ఉండిపోతాయి. వాటికి వేరే విభాగం ఉంది. లెక్క సరిపోయింది. తర్వాత చూద్దాంలే."

"తర్వాత ఎందుకు? మేడం ఎదురుగానే చూపించు."

"వద్దక్కా. పాఠాలకి పనికొచ్చేవి కావవి."

"అదిగో! దాచడానికి ఏదో ఉందన్నమాట!" అంటూ టీచరమ్మ తనే 'లైవ్' అన్నచోట నొక్కింది. ఆరూ ఉన్నాయి. అయిదు గంటేసి ఉన్నాయి. ఒకటి మాత్రం రెండు గంటలకి దగ్గరగా ఉంది. "నా క్లాసు గంట దాటదు. ఇదేమిటి ఇంత పొడుగు?" అని దాన్ని తెరిచి, చివరిదాకా ఏముందో చూద్దామని సగం దాటించి వదిలింది.

తెర నల్లగా ఉంది. ఫోను పాడయ్యిందేమో అనుకుంది. అంతలో గొంతు వినబడింది. తన గొంతే. పక్కింటావిడ గౌను పొడుగు తగ్గించమని వచ్చినరోజు అది.

"మా తోడికోడలా? దాని సంగతి అడక్కండి. ఫోను నొక్కుకుంటూ కూర్చుంటుంది, అదే పని అనుకుంటుంది. కత్తిరించగా మిగిలిన పీలిక ఉంటుంది చూశారూ, చొక్కాకి చాలదు, సంచీకి చాలదు, పారెయ్యడానికి మనసొప్పదు. అదీ అంతే. మరిది మొహం చూసి ఓ మూల ఉంచుకున్నా."

ఆ తర్వాత పక్కింటావిడ నవ్వు. ఆ వెనకే తన నవ్వు, ఇంకా పెద్దగా.

టీచరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు క్లాసయ్యాక తనే స్టాండు మీది ఫోనుకి గుడ్డ కప్పింది, మిషనుకి కప్పినట్టే. ఆపడానికి నొక్కాల్సింది నొక్కలేదు. గుడ్డ కప్పితే అయిపోయిందనుకుంది. కెమెరాకి కళ్ళు మూసుకుపోయాయి గానీ చెవులు తెరిచే ఉన్నాయి. ఎంతోసేపటికి తోడికోడలు పైనుంచి గబగబా దిగొచ్చి, గుడ్డ తీసి, ఏదో నొక్కింది. ఏంటే అంటే, "ఛార్జింగు చూద్దామని అక్కా" అని తల ఎత్తకుండా వెళ్ళిపోయింది. పైన తన ఫోనులో లైవు చూస్తూ ఉండి ఉంటుంది. మొత్తం వినే దిగి ఉంటుంది.

టీచరమ్మకు ఫోను ఆపడం చేతకాలేదు. ఒకచోట నొక్కబోయి ఇంకోచోట నొక్కితే, 'పీలిక' అన్న మాట మళ్ళీ వినబడింది. చివరికి తోడికోడలే చెయ్యి చాచి ఆపింది. సిగ్గుతో టీచరమ్మ మెడ మీద చెమట పట్టింది. భూమిలో కూరుకుపోతే బాగుండుననిపించింది.

మేడం మర్యాదస్తురాలు. బ్యాగు సర్దుకుని లేచింది. "లెక్క సరిపోయిందండీ" అంది. గుమ్మం దాటుతూ తోడికోడలి వైపు తిరిగి, "చాలా బాగా వివరించావమ్మా" అంది. ఫ్యాకల్టీ అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇద్దరే మిగిలారు. టీచరమ్మ కుర్చీలో కూలబడి, చీర కొంగు మెలిపెట్టుకుంటూ కూర్చుంది.

"ఎందుకు తీసెయ్యలేదే?" అంది చివరికి.

"నిన్నడక్కుండా తీసెయ్యొద్దన్నావు కదక్కా. నిన్నడగాలంటే, విన్నానని నీకు చెప్పాలి." తోడికోడలు కింద పడిన దారప్పోగులు ఏరుతూ అంది. "నీకు తలవంపులని ఊరుకున్నాను."

"ఇందాక అంతంత మాటలు అన్నానే నిన్ను!"

"అన్నావు."

అంతే. కాదనలేదు, ఏడవలేదు, పరవాలేదని కూడా అనలేదు. ఆ చివరిది అని ఉంటే టీచరమ్మ కొంచెం తేరుకునేదేమో.

"అది కనబడకుండా చెయ్యడం ఎలాగో చూపించు. నేనే చేస్తాను" అంది టీచరమ్మ. తోడికోడలు తన ఫోనులో ఆ వీడియో తీసి, ఎక్కడ నొక్కాలో చెప్పి, దూరంగా కిటికీ దగ్గర నిలబడింది. నొక్కబోతూ టీచరమ్మ వీడియో కిందికి చూసింది. ఎవరో రాశారు: 'ఇంట్లో మనిషి గురించి అలా మాట్లాడతారా టీచరుగారూ? మీ పాఠాలు ఇక చూడను.' దాని కింద ఛానెల్ పేరుతోనే, అంటే తన పేరుతోనే, ఒక జవాబు ఉంది.

'మా అక్క ఆ రోజు చాలా అలసిపోయి ఉందండీ. అలాంటి మనిషి కాదు. నాకు ఈ పని నేర్చుకోమని మొదట చెప్పింది తనే. దయచేసి పాఠాలు చూడడం మానకండి. ఇట్లు, ఆ తోడికోడలు.'

టీచరమ్మ దాన్ని మళ్ళీ చదివింది. కళ్ళలో నీళ్ళు తిరిగి అక్షరాలు అలుక్కుపోయాయి. ఈ పని నేర్చుకోమన్నది తను ఎప్పుడో ఊసుపోక అన్న మాట. ఆమె దాన్ని ఇన్నాళ్ళు దాచుకుంది. తన కుట్టు గురించి కాక తన గురించి ప్రపంచంలో ఎవరైనా రాసిన మంచిమాట అదొక్కటే, అదీ తను పీలిక అన్న చోటనే ఉంది.

'ప్రైవేటు' అన్నదాన్ని నొక్కింది. వీడియో లోపలికి పోయింది. దాంతోపాటు కింద ఉన్న ఆ జవాబూ లోపలికే పోయింది. ఇక దాన్ని ఎవరూ చదవరు. ఛానెల్ పేజీ తెరిచి చూసింది. పైన రెండువందల పన్నెండే ఉంది.

"ఇంకా తగ్గలేదేం?"

"వెంటనే మారదక్కా. కాస్త టైం పడుతుంది" అంది తోడికోడలు కిటికీలోంచి చూస్తూనే.

టీచరమ్మ లేచి, లైనింగు గుడ్డ తీసుకుని స్టాండు దాకా వెళ్ళింది. చెయ్యి ఆగిపోయింది. గుడ్డ మడిచి బల్ల మీద పెట్టి, స్టాండు మీది ఫోను తీసి ఆమె వైపు చాచింది.

"ఇది ఆగిందో లేదో నువ్వొకసారి చూడవే" అంది.