పదమూడో డబ్బా

సోమవారం ఉదయం పదింటికి హెచ్ఆర్ గదిలో టేబుల్ మీద వెండి కుంకుమ భరిణె ఒకటి మెరుస్తోంది. దాని పక్కన ఒక చీటీ. చీటీ మీద ప్రింటు చేసిన అక్షరాలు: 'అనుపమ, ఆర్డర్ల సెక్షన్. గృహప్రవేశ శుభాకాంక్షలు.'

"మేడమ్, ఇది నాది కాదు," అంది అనుపమ.

"మీ పేరే ఉంది," అంది షెకీనా. పద్మారావు నగర్‌లోని ఆ మందుల పంపిణీ కంపెనీలో హెచ్ఆర్ అంటే షెకీనా ఒక్కతే. ఎవరి మీదా గొంతు పెంచదు. అందుకే ఆవిడంటే అందరికీ భయం.

"నా పేరు ఎవరైనా టైపు కొట్టొచ్చు. నిన్న నేను సార్ ఇంటికి పోనేలేదు. పాపకి జ్వరం. తిరుమలగిరిల మా ఇంటికాడనే ఉన్న."

బ్రాంచి మేనేజర్ వెంకటరత్నం ఆదివారం నేరేడ్‌మెట్‌లో కొత్త ఇంట్లో పాలు పొంగించాడు. సాయంత్రం బహుమతులు విప్పుతుంటే ఈ భరిణె బయటపడింది. తెల్లారగానే దాన్ని తెచ్చి షెకీనా ముందు పెట్టి, కాగితం మీద జరిగింది రాసిచ్చి, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి జరిగే టీమ్ లీడర్ ఇంటర్వ్యూ నుంచి తాను తప్పుకున్నాడు. ఆయన చేయాల్సింది అదే, చేశాడు. మిగిలింది అనుపమ.

"టీమంతా కలిసి గోడ గడియారం ఇచ్చారు," అంది షెకీనా. "నన్ను ముందే అడిగారు. ఇష్టమున్నవాళ్ళే, తలా రెండు వందలు దాటకుండా, కార్డు మీద అందరి పేర్లూ. అది మర్యాద. ఒక స్వీట్ ప్యాకెట్టు తెచ్చి నలుగురిలో పంచినా ఎవరూ ఏమనరు. కానీ ప్రమోషన్ వరసలో ఉన్న మనిషి, తన మేనేజర్‌కి, విడిగా, వెండి! ఇది రుజువైతే ఈసారి లిస్టులోంచి మీ పేరు తీసేయాలి."

"ఏడేండ్లు చేసిన, మేడమ్. ఏడేండ్ల తర్వాత ఒక్క ఛాన్స్!"

"ఇవ్వలేదని రాసివ్వండి. ఇంకెవరో ఇచ్చారనడానికి రేపు మూడు లోపు ఏదైనా చూపించండి."

అనుపమ రాసిచ్చింది. కలం మూత పెడుతూ ఆగింది.

"మేడమ్, అక్కడ గిఫ్టులు ఎవరు తీసుకున్నరు?"

"సార్ వాళ్ళమ్మగారు. గుమ్మం దగ్గరే కూర్చున్నారు."

వెంకటరత్నం అనుమతి తీసుకుని షెకీనా ఫోన్ కలిపింది. స్పీకర్ ఆన్ చేసింది. ఆయన తల్లి కాంతమణి గొంతు గదంతా నిండిపోయింది.

"ముఖం గుర్తుందా అంటే ఏం చెప్పనమ్మా! ఇటు హోమం పొగ, అటు జనం, కళ్ళజోడేమో పూజగదిలో మర్చిపోయాను. ఎవరో అబ్బాయి. 'అనుపమ గారు రాలేకపోయారండీ, ఇది పంపారు' అన్నాడు. అన్నట్టు ఆ పిల్లకి డబ్బా అందిందా?"

అనుపమ కుర్చీలో ముందుకు జరిగింది. "ఏ డబ్బా అమ్మా?"

"స్టీలు డబ్బా! రిటర్న్ గిఫ్టు. వచ్చినవాళ్ళకి తలా ఒకటి. రానివాళ్ళలో విడిగా బహుమతి పంపింది ఆ పిల్ల ఒక్కతే. వట్టి చేతులతో ఎలా పంపుతాను? ఆ అబ్బాయికే రెండు డబ్బాలిచ్చి పంపాను."

"అందలేదమ్మా."

"అయ్యో! అందినా సుఖం లేదులే. మూతలొకటీ పట్టట్లేదు. జనరల్ బజార్ కొట్టతను రేపు మార్చిస్తానన్నాడు. మీ ఆఫీసువాళ్ళవి పోగేసి పంపిస్తే మా డ్రైవర్ తీసుకెళ్తాడు."

ఫోన్ పెట్టేశాక ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. షెకీనా ముఖంలో ఏ మార్పూ లేదు. ఆవిడ వేళ్ళు మాత్రం అప్పటికే ఫోన్ మీద పరుగెడుతున్నాయి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రెండు లైన్లు పడ్డాయి: 'సార్ వాళ్ళింట్లో ఇచ్చిన డబ్బాల మూతలు బాగా లేవట. రేపు ఉదయం నా టేబుల్ దగ్గర ఇస్తే కొత్తవి మార్చిస్తారు.'

"ఇందులో ఒక్క అబద్ధం లేదు," అంది షెకీనా.

"ఒక్కటి సుత లేదు," అంది అనుపమ.

గడియారం పట్టుకుని దిగిన గ్రూపు ఫోటో అప్పటికే అందరి దగ్గరా ఉంది. ఆఫీసు నుంచి వెళ్ళినవాళ్ళు, లెక్కపెడితే పన్నెండు తలలు.

మంగళవారం పదిన్నరకల్లా షెకీనా టేబుల్ మీద పదకొండు డబ్బాలు వరసగా నిలబడ్డాయి. ప్రతిదాని మీదా గృహప్రవేశం తేదీ చెక్కి ఉంది. చివరగా సత్యదేవ్ వచ్చాడు. టీమ్ లీడర్ లిస్టులో రెండో పేరు అతనిదే. గడియారానికి డబ్బులు పోగేసిందీ, హెచ్ఆర్‌ని అడిగి రూల్స్ తెలుసుకున్నదీ అతనే. చేతిలో గుడ్డ సంచి, పైన గట్టి ముడి.

"మా ఆవిడ కట్టిచ్చిందండీ," అన్నాడు నవ్వుతూ. "ముడి వేసిందంటే విప్పడానికి మళ్ళీ ఆవిడే రావాలి."

"నేను విప్పుతా, ఇటియ్యండి," అంది అనుపమ.

విప్పింది. ఒక డబ్బా బయటకు తీసింది. సంచి ఇంకా బరువుగానే ఉంది. రెండోది తీసింది.

పన్నెండు మంది. పదమూడు డబ్బాలు.

సత్యదేవ్ నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం సంచిలోకి దూరిపోయాయి. వాట్సాప్ చూసి ఉదయం వంటింట్లోకి కేకేసి 'ఆ డబ్బా ఇవ్వు' అన్నాడు. భార్య రెండూ కట్టింది. ఇద్దరిలో ఎవరూ తప్పు చేశామనుకోలేదు.

"రెండెట్ల వచ్చినయ్ సత్యదేవ్ గారూ?"

"అదా... ఒకటి నాకు. ఇంకోటి... గడియారానికి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"గడియారం అందరిది కదా. డబ్బా మీ ఇంటికెట్ల పోయింది?"

"మోసింది నేనే కదండీ!"

షెకీనా మళ్ళీ ఫోన్ కలిపింది. "అమ్మా, గడియారానికి విడిగా డబ్బా ఇచ్చారా?"

"గడియారానికి డబ్బా ఏంటమ్మా, అదేమైనా అన్నం తింటుందా?" అంది కాంతమణి. "ఆ అనుపమ డబ్బా దొరికిందా? గుర్తు పట్టడం తేలికే. తారుమారవుతుందని అడుగున మార్కర్‌తో పేరు రాశాను. తిప్పి చూడండి."

అనుపమ మొదటి డబ్బా తిప్పింది. ఏమీ లేదు. రెండోది ఆమె తిప్పబోతుంటే సత్యదేవ్ చెయ్యి అడ్డు వచ్చింది. షెకీనా ఆ చేతిని చూసింది. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

అడుగున నీలం రంగులో, వంకరటింకర అక్షరాల్లో, 'అనుపమ'.

"నా పేరు మీద గిఫ్టు ఇచ్చి, నా డబ్బా మీరే ఉంచుకుంటిరి," అంది అనుపమ. "జెర చెప్పొచ్చు గదా. పాపకి అందులోనే ఉప్మా పెట్టేదాన్ని."

మూడింటికి ఇంటర్వ్యూ జరిగింది. లిస్టులోంచి ఒక పేరు పోయింది, అది అనుపమది కాదు. బోర్డులో వెంకటరత్నం కుర్చీలో హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆవిడ కూర్చుంది. నలభై నిమిషాలు వదలకుండా అడిగింది. ఐదింటికి అనుపమ చేతికి ప్రమోషన్ కాగితం వచ్చింది.

కొత్త మూతతో డబ్బా కూడా అప్పుడే వచ్చింది. అనుపమ దాన్ని ముట్టుకోకుండా షెకీనా వైపు చూసింది. "ఇది తీసుకోవచ్చా మేడమ్? సార్ ఇంటి నుంచి కదా?"

"పైవాళ్ళు కిందివాళ్ళకి, అందరికీ ఒకేలా ఇచ్చింది. తీసుకోండి. కానీ మొన్న మీ పేరుతో వచ్చింది కదా, కాగితం మీద ఒక్క లైను రాసి పెట్టండి."

సత్యదేవ్ విచారణ నోటీసు మీద సంతకం పెట్టి లేవబోయాడు.

"ఒక్క నిమిషం," అంది షెకీనా. "బహుమతిని ఇచ్చినవాళ్ళకే తిరిగివ్వాలి. అది రూలు." వెండి భరిణె అతని ముందుకు జరిపింది. "ఇక్కడ ఇంకో సంతకం."

సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మోగింది. భార్య.

"డబ్బాలు మార్చారా?" ఆమె గొంతు పక్కవాళ్ళకీ వినిపించేంత స్పష్టంగా ఉంది. "అవి సరేలెండి. ఉతుకుదామని మీ నీలం ప్యాంటు తీస్తే జేబులో వెండి కొట్టు రసీదు దొరికింది. కుంకుమ భరిణె అని ఉంది. పెళ్ళయి పదేళ్ళలో నాకు స్టీలు చెంచా కూడా కొనలేదు. ఎవరికండీ అది?"

సత్యదేవ్ భరిణె వైపు చూశాడు.

"నీకే," అన్నాడు.