చేతుల్ని వదలని కర్ర

గూడూరులో అమీర్ బాషా చేసే చంకకర్రలకు మంచి పేరుండేది. నెల్లూరు నుంచి కూడా వచ్చి చేయించుకునేవారు. చంక ఒరుసుకుపోతోందంటే పైన దూది పెట్టి తోలు కుట్టేవాడు. జారుతోందంటే కింద సైకిల్ టైరు ముక్క బిగించేవాడు. ఏళ్ల తరబడి అలా ఉన్నదాన్నే దిద్దుకుంటూ వచ్చినవాడికి, తన ఇంట్లో మాత్రం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని గర్వం. పిచ్చి మారాజు!

ఇంట్లో కర్రలు వాడేది ఆయన భార్య జాన్‌బీ. చిన్నప్పటి జ్వరంలో ఆమె కుడికాలు చచ్చుబడింది. ఇప్పుడు చంటిబిడ్డ తల్లి. బిడ్డ ఏడిస్తే ఆడబిడ్డ ఆమినాబీ తెచ్చి ఒళ్లో పెట్టేది, పాలు తాగాక తీసుకెళ్లేది. ఆమినాబీ వెంకటాచలంలోని అత్తగారింటికి తిరిగి వెళ్లే రోజు దగ్గరపడింది.

అమీర్ బాషా తనకు తెలిసిన పనే చేశాడు. ఒక కర్రను తేలిక చేసి, పిడి మార్చి, "ఒంటి కర్రతో నడిచి చూడు. రెండోచేత్తో బిడ్డనెత్తుకోవచ్చు" అన్నాడు. బిడ్డకు బదులు దిండు ఎత్తుకుని జాన్‌బీ కదిలింది. నాలుగడుగులైనా పడకముందే ఒరిగింది. ఆయన ఆమెను పట్టుకున్నాడు గానీ దిండు నేలమీద పడింది. ఇద్దరూ దానివైపే చూస్తూ ఉండిపోయారు.

"నీ కర్ర ఎంత బాగున్నా నా చేతుల్ని వదలదు గదయ్యా" అంది జాన్‌బీ.

"ముందే ఎందుకు చెప్పలేదు మేయ్?"

"కర్రలో తప్పుంటే గదా చెప్పేదానికి!"

అప్పుడు తెలిసొచ్చింది ఆయనకు. కర్రలో తప్పులు వెతికాడే గానీ, కర్ర వల్ల కాని పని ఏమిటని ఏనాడూ అడగలేదు. ఇక దాన్ని చెక్కి లాభం లేదని తేల్చుకుని, చంకకర్రల కోసం ఎండబెట్టిన టేకు తీశాడు.

నడుమెత్తు చట్రం, పైన రెండు పిడులు, వాటి మధ్య కాస్త కిందుగా బిడ్డకు తొట్టి, కింద నాలుగు చక్రాలు. పిడుల మీద తనే బరువేసి చూశాడు. చట్రం ముందుకు పరుగెత్తింది, ఆయన బోర్లాపడ్డాడు. జాన్‌బీ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆయన వెనక చక్రాలు ఊడబెరికి, అక్కడ కాళ్లు పెట్టి టైరు ముక్కలు తొడిగాడు. ఇప్పుడు ఆనుకుంటే నిలబడుతుంది, పిడులు కాస్త ఎత్తి నెడితే సాగుతుంది. తొట్టిలో ఇసుకమూట వేసి, అటూ ఇటూ ఊపి, బోల్తాపడదని రూఢి చేసుకున్నాకే ఇంట్లోకి తెచ్చాడు.

ఆమినాబీ వెళ్లిపోయిన మర్నాడు పొద్దున అమీర్ బాషా అరుగు మీద చిత్రిక పడుతున్నాడు. లోపల బిడ్డ కేర్‌మంది. ఆయన లేవబోయాడు.

"ఆడే ఉండు!" అని లోపలి నుంచి గద్దింపు.

చక్రాల కిర్రు, బిడ్డ మంచం దగ్గర ఆగడం, ఆమె మంచం మీద కూర్చున్న చప్పుడు, మళ్లీ కిర్రు. ఆయన చిత్రిక పక్కన పెట్టి, అరుగు మీదే కూర్చున్నాడు. చివరికి గడప దగ్గర జాన్‌బీ కనిపించింది. మొహం చెమటతో తడిసింది. తొట్టిలో బిడ్డ కాళ్లు ఆడిస్తోంది.

"ఎత్తుకో" అంది. "నేనే తెచ్చినా."