ఫోన్ చేసిన ఇల్లు

పాతికేళ్ల సర్వీసులో నేను గీసిన గ్రాఫులు ఎవరూ చూడలేదు. చూసిన ఒక్కటీ తప్పుల తడక. అది నేతపేటలో ప్రతి ఫోనులోకీ వెళ్లిపోయి కూర్చుంది.

నేను పీహెచ్‌సీలో హెల్త్ సూపర్‌వైజర్‌ని. పేరు సత్యం. నేతపేట మా పరిధిలోదే. గన్నవరం దాటాక కాలవ పక్కన రెండు మగ్గాల వీధులు, ఒక సాయిబుల వీధి, నాలుగు కొట్లు. ఫిబ్రవరి ఇరవై ఒకటో తేదీ సాయంత్రం అక్కడి అంగన్‌వాడీ టీచరు జుబియా నాకు ఫోన్ చేసింది.

"సార్, మా పాప ఇఫ్రాకి జ్వరం, ఒళ్లంతా ఎర్రగా మచ్చలు. మా వీధిలో ఇంకో ఇద్దరికి కూడా ఉందండి. సెంటరు మూసెయ్యమంటారా?"

మూసెయ్యమన్నాను. మర్నాడే మా ఏఎన్ఎం రాజేశ్వరి వెళ్లి రక్తనమూనాలు తీసింది, విటమిన్ ఎ చుక్కలు వేసింది. తట్టు అని తేలింది. మొదట సాయిబుల వీధి, తర్వాత రోజుకో వీధి చొప్పున ఊరంతా తిరిగి పదకొండు మంది పిల్లల పేర్లు రాసుకొచ్చింది.

ఇక విజయవాడ ఆఫీసువాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. గంటకోసారి రిపోర్టు కావాలి. గ్రాఫు కావాలి. లేదంటే ఎందుకు లేదని, ఉందంటే ఇంకా పంపలేదేమని. విసుగెత్తిపోయి రాజేశ్వరి రిజిస్టరులోని తేదీలు చూసి పది నిమిషాల్లో ఒక గ్రాఫు గీసి పంపాను. ఇరవై రెండున ముగ్గురు, ఇరవై మూడున నలుగురు, ఇరవై నాలుగున ముగ్గురు, ఇరవై అయిదున కొట్ల దగ్గర ఒకరు. కింద వీధుల పేర్లు కూడా నీటుగా రాశాను, పెద్ద పనిమంతుడిలా. నేతపేట వాట్సాప్ గ్రూపులో కూడా నేనే పెట్టాను. జనం జాగ్రత్తపడతారని నా ఉద్దేశం.

జనం జాగ్రత్త పడలేదు, జుబియా మీద పడ్డారు. గ్రాఫు చూస్తే ఎవరికైనా అర్థమయ్యేది ఒకటే. జబ్బు సాయిబుల వీధిలో పుట్టి మగ్గాల వీధుల్లోకి నడిచి వచ్చింది. పైగా ఇఫ్రా పద్నాలుగో తేదీనే గుణదలలో అమ్మమ్మ ఇంటి నుంచి తిరిగొచ్చింది. ఇంకేం కావాలి? ఊరి మగ్గాలకి నూలిచ్చి నేయించే మాస్టర్ వీవరు దేవేంద్ర అర్జీ రాయించాడు, టీచరుని మార్చాలని. సోమవారం అంగన్‌వాడీల ప్రాజెక్టు ఆఫీసరు వచ్చి విచారణ చేస్తుందట. జుబియా తొమ్మిదేళ్లుగా అదే సెంటర్లో పనిచేస్తోంది. ఆ ఊరి పిల్లల్లో సగం మంది ఆమె దగ్గరే అక్షరాలు దిద్దారు.

అంతటితో ఆగలేదు. సాయిబుల వీధి మొగలో అడ్డంగా వెదురు బొంగులు కట్టారు, కరోనా రోజుల్లో కట్టినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. తట్టు సోకిన పిల్లలతో కలిసి తిరిగి, టీకా రెండు డోసులూ పడని పిల్లలు ఊళ్లో పదిహేడు మంది ఉన్నారు. వాళ్లే ఇరవై ఒక్క రోజులు ఇళ్లల్లో ఉండాలి. అందులో సాయిబుల వీధివాళ్లు అయిదుగురే. మిగతా పన్నెండు మందీ మగ్గాల వీధుల్లో గోళీలాడుతున్నారు. టీకాలు పూర్తయిన వాళ్లేమో బొంగుల వెనక బందీలు.

"కట్టాల్సింది వీధికి కాదయ్యా, ఆ పదిహేడు మందిని ఇళ్లల్లో ఉంచాలి" అని దేవేంద్రకి చెప్పాను.

"మీ గ్రాఫే చెప్పింది కదండీ ఎక్కడ మొదలైందో" అన్నాడు ఫోను చూపిస్తూ.

గురువారం మధ్యాహ్నం పీహెచ్‌సీలో రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. సాయిబుల వీధిలో ముగ్గురికీ ఇరవై రెండే. పక్క వీధిలో నలుగురికీ ఇరవై మూడే. తట్టు ఏమన్నా రేషను బండా, వీధికో రోజు రావడానికి?

"రాజేశ్వరీ, ఈ తేదీ ఏంటమ్మా? మచ్చలు వచ్చిన రోజేనా?"

ఆవిడ రిజిస్టరు వైపు చూసింది, నా వైపు చూసింది. "నేను వెళ్లిన రోజండి. కాలమ్‌లో తేదీ అని ఉంటే అదే వేశాను."

అరిచాను. అరిచి ఆగాను. ఆవిడ వెళ్లిన రోజులే వరసగా పెట్టి గ్రాఫు అన్నది నేను. జబ్బు నడిచిన దారి కాదది, రాజేశ్వరి నడిచిన దారి. సాయిబుల వీధి మొదట ఎందుకొచ్చింది? జుబియా ఫోన్ చేసింది కనక. తొక్కిపెట్టకుండా చెప్పిన మనిషి ఇల్లే మొదటి ఇల్లయింది. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

శుక్రవారం ఇద్దరం మళ్లీ ఇల్లిల్లూ తిరిగాం. ఒకటే ప్రశ్న, మచ్చలు మొదట కనబడింది ఏ రోజు? తేదీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? "మగ్గం మీంచి చీర కోసిన రోజండి" అంది ఒకావిడ. ఆ చీర ఎప్పుడు అప్పజెప్పారో వాళ్లాయన చీటీలో ఉంది, పంతొమ్మిది. "కరెంటు పోయిన మర్నాడు" అంది ఇంకొకావిడ. లైన్‌మన్‌కి ఫోన్ చేశాం, ఇరవై. ఇలా పదకొండు తేదీలు రాబట్టేసరికి ప్రాణం పోయింది.

గళ్ల కాగితం మీద పిల్లకో గడి నింపాను. పదహారున ఒకటి, పదిహేడున ఒకటి, పద్దెనిమిదిన రెండు, పంతొమ్మిదిన నాలుగు, ఇరవైన రెండు, ఇరవై ఒకటిన ఒకటి. ఒకటే గుట్ట. మూడు వీధుల పిల్లలూ అందులో కలిసిపోయి ఉన్నారు. ఇఫ్రా పంతొమ్మిదిలో, సరిగ్గా గుట్ట నడుమ ఉంది.

"చూడు రాజేశ్వరీ. ఇఫ్రా అంటించి ఉంటే మిగతా వాళ్లకి మచ్చలు ఆమె తర్వాత పది పద్నాలుగు రోజులకి రావాలి. ఇక్కడ ఆమె కంటే ముందే నలుగురికి వచ్చాయి. అంటే అందరికీ ఒకేసారి, ఒకేచోట అంటుకుంది."

"ఎక్కడండి?"

తట్టు లోపల చేరాక మచ్చలు తేలడానికి సుమారు పద్నాలుగు రోజులు పడుతుంది. కొందరికి వారమే, కొందరికి మూడు వారాలు. గుట్ట నడిమి రోజు పంతొమ్మిది. పద్నాలుగు వెనక్కి లెక్కపెడితే ఫిబ్రవరి అయిదు. ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. అప్పటికి ఇఫ్రా ఇంకా గుణదల ప్రయాణమే కట్టలేదు. ఆ రోజుల్లో ఈ పిల్లలంతా ఎక్కడ చేరారో తెలిస్తే చాలు. సెంటరు అనుకుందామంటే పదకొండు మందిలో నలుగురు బడికెళ్లే పిల్లలు.

జవాబు జుబియా అత్తగారు జమాల్ బీ చెప్పింది. అయిదో తేదీ గుర్తుందా అంటే, బొంగుల వెనకే నిలబడి, కోపంగానే చెప్పింది.

"గుర్తులేకేం? మా చెల్లెలు వచ్చిన రోజది. ఇఫ్రా చేతినిండా చలిమిడి పట్టుకొచ్చి ఆవిడ చీరకి పూసింది. చౌడేశ్వరమ్మ పిల్లలందర్నీ పిలిచి పెట్టిందంట. మా పిల్లల్ని కూడా పిలిచేదండీ అప్పట్లో."

చౌడేశ్వరమ్మ దేవేంద్ర తల్లి. వాళ్ల గుమ్మానికి వేపమండలు ఇంకా వేలాడుతున్నాయి, ఎండి గలగలలాడుతూ. రాజేశ్వరి నా వైపు చూసింది. మొదటిసారి ఊరు తిరిగినప్పుడు ఆవిడ ఆ గుమ్మం ముందే నిలబడి, ఇంట్లో ఎవరికైనా జ్వరం, మచ్చలు వచ్చాయా అని అడిగింది. లేదన్నారని రాసుకుంది.

"అమ్మా, అక్షయకి ఒంట్లో ఎలా ఉందమ్మా ఈ నెల మొదట్లో?" అన్నాను. అక్షయ దేవేంద్ర కూతురు.

ముసలావిడ చేతులు జోడించింది. "పిల్లకి ఒంటినిండా తల్లి వచ్చిందయ్యా మూడో తారీకున. మూడోనాడు తలకి పోసి, తల్లి చల్లబడాలని పిల్లలకి చలిమిడి, పానకం పెట్టాను. గంటసేపు మగ్గం గదిలో అందర్నీ కూర్చోబెట్టాను, చల్లగా ఉంటదని."

"రాజేశ్వరి అడిగితే లేదన్నారే?"

"జబ్బు వచ్చిందా అని అడిగింది. తల్లి వస్తే జబ్బంటామా? కళ్లు పోవూ?"

అబద్ధం ఆడలేదు ఆవిడ. నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా మనిషి దొరకలేదు. మచ్చలు తేలడానికి నాలుగు రోజుల ముందు నుంచీ, తేలాక నాలుగు రోజుల దాకా తట్టు ఊపిరి నుంచి ఊపిరికి అంటుతుంది. మూడోనాడు, తలుపులు మూసిన మగ్గం గదిలో, గంటసేపు. చలిమిడి తప్పేం లేదు, ఆ గదిలో గాలే పంచుకున్నారు అందరూ. అక్షయకి ఎక్కడ అంటిందంటే, జనవరిలో హనుమాన్ జంక్షన్‌లో పెళ్లికి వెళ్లొచ్చారట. అక్కడితో నా దారి ఆగిపోయింది.

ఆవిడకి మెల్లగా చెప్పాను. కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. "నా చేత్తోనా?" అంది.

జుబియాకి కూడా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. "ఆవిడ పేరు చెప్పకండి సార్. నా మీద పడిన రాళ్లే ఆవిడ మీద పడతాయి. మా ఇంటినుంచి కాదని మాత్రం చెప్పండి చాలు" అంది.

సోమవారం సెంటరు ముందు జనం. ప్రాజెక్టు ఆఫీసరు కుర్చీలో. నా గళ్ల కాగితం గోడకి అంటించి, మొదటి గ్రాఫు తప్పని, ఆ తప్పు నాదేనని చెప్పాను. గుట్ట చూపించాను, వెనక్కి లెక్క చెప్పాను.

"అయితే ఎవరింట్లో మొదలైందో చెప్పండి" అన్నాడు దేవేంద్ర. "పేరు లేని లెక్క ఎందుకండీ? ఆవిణ్ణి వెనకేసుకొస్తున్నారు మీరు."

జనం కూడా అవునన్నారు. నేను గోడమీద కాగితం అంచు అదిమాను. పేరు చెప్పనని జుబియాకి మాటిచ్చాను. ఆఫీసరు కలం మూత తీసింది.

"మనింట్లోరా" అంది వెనకనుంచి చౌడేశ్వరమ్మ. అక్షయ చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది. "తల్లి మన పిల్లకే ముందొచ్చింది. అందర్నీ పిలిచి కూర్చోబెట్టింది నేను. బొంగులు కట్టాలంటే మన గుమ్మానికి కట్టు."

దేవేంద్ర తల దించుకున్నాడు. అర్జీ అక్కడితో పోయింది. సాయంత్రానికి బొంగులూ విప్పారు. మగ్గాల వీధుల పన్నెండు మంది పిల్లల్నీ ఇళ్లల్లో ఉంచుతామని తల్లులు మాటిచ్చారు. నా మొదటి గ్రాఫు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. నిన్న హనుమాన్ జంక్షన్ నుంచి ఎవరో నాకే పంపించారు, సాయిబుల వీధితో జాగ్రత్త అని.

ఆ సోమవారం వెళ్లేముందు జుబియాతో అన్నాను, "అమ్మా, చివరి పిల్ల నుంచి అంటడం ఆగాక ఇరవై ఒక్క రోజులు, అంటే మార్చి పద్దెనిమిది దాకా కొత్త కేసులు రావచ్చు. ఎవరికైనా మచ్చలు కనిపిస్తే వెంటనే నాకు ఫోన్ చెయ్యి."

ఆమె సెంటరు తాళం తీస్తోంది. తీయడం ఆపలేదు. "పోయినసారి చేశాను కదండీ" అంది.

ఇవాళ మార్చి తొమ్మిది. నేతపేట నుంచి ఒక్క ఫోనూ రాలేదు. గళ్ల కాగితం మీద ఫిబ్రవరి ఇరవై ఒకటి తర్వాత గడులన్నీ ఖాళీ. జబ్బు లేక ఖాళీనో, చెప్పేవాళ్లు లేక ఖాళీనో ఆ కాగితం చూస్తే తెలియదు. అందుకే రోజూ పొద్దున్నే బండేసుకుని వెళ్లి ఇల్లిల్లూ తిరుగుతున్నాను, మొదట మగ్గాల వీధి నుంచి.