వదిలేసిన చివరి పేజీ

మా ఆసుపత్రిలో కొత్త మందు రావాలంటే మందుల కమిటీ ఒప్పుకోవాలి. ఫార్మసీ నా చేతిలో ఉంది కాబట్టి కమిటీలో నేనూ ఒకదాన్ని. సమావేశానికి ముందు ఆ మందు మీద వచ్చిన పరిశోధనా పత్రాన్ని ప్రింటు తీసి పంచుతారు, అదీ ముగింపు దాకానే. ఆ తర్వాతి పేజీలో పనికొచ్చేది ఏమీ ఉండదని ఆఫీసువాళ్ళ నమ్మకం. కాగితం ఆదా అవుతుందట.

ఈసారి మందు రక్తం గడ్డకట్టకుండా వాడేది. పాతదానికంటే రక్తస్రావం తక్కువని పత్రం చెబుతోంది. రాసినవాళ్ళలో మా గుండె డాక్టరు కూడా ఒకరు. మేమంతా పెద్దాయన అంటాం. ఇంకేం, ఇక చర్చ దేనికని అందరూ తేల్చేసుకున్నారు. మా అక్క పైన గుండె వార్డులో లేకపోతే నేనూ అలాగే అనుకునేదాన్నేమో. కంపెనీ ఇచ్చిన శాంపిల్ మాత్రలతో ఈ సాయంత్రమే అక్కకు మొదలుపెడతానని పెద్దాయన చెప్పారు. అది జీవితాంతం మింగాల్సిన మందు.

అందుకే కంప్యూటరులో పూర్తి పత్రం తెరిచాను. ముగింపు కింద చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది. ఖర్చంతా మందు అమ్మే కంపెనీదే. అధ్యయనం ఎలా జరగాలో నిర్ణయించిందీ, లెక్కలు కట్టిందీ, మొదటి ముసాయిదా రాయించిందీ ఆ కంపెనీయే. రచయితల్లో నలుగురు అక్కడి ఉద్యోగులు, వాటాలున్నవాళ్ళు. పెద్దాయన సలహాలకీ ఉపన్యాసాలకీ ఫీజులు తీసుకున్నారు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటే ఇదే కదా అని ఒళ్ళు మండింది.

అంతమాత్రాన పత్రం అబద్ధమైపోదు. కంపెనీలు డబ్బు పెట్టకపోతే చాలా మందులు పరీక్షల దాకా రావు. డబ్బు ఎవరిదో తెలిస్తే ఎక్కడ గట్టిగా వెతకాలో తెలుస్తుంది, అంతే. కాబట్టి వెతికాను. అధ్యయనం మొదలవక ముందు వీళ్ళే మందుల పరీక్షల బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేసుకున్న ప్రధాన కొలత, ఏడాదిలో ఎంతమందికి తీవ్ర రక్తస్రావం అయిందన్నది. పత్రంలో ఉన్నది మూడు నెలల లెక్క. మిగతా నెలలు ఏమయ్యాయో ఒక్క ముక్క లేదు.

సమావేశంలో స్వప్రయోజనాల ప్రకటన కాగితం ఎప్పటిలాగే చేతులు మారింది. మందుతో తమకేమైనా సంబంధముంటే అందులో రాయాలి. ఎవరూ రాయరు. 'ఏమీ లేవు' అని సంతకం గీకేస్తారు. పెద్దాయన కూడా అదే గీకారు. నా దగ్గరికొచ్చేసరికి కలం కదల్లేదు. చచ్చేంత భయమేసింది. మా నాన్నను బతికించింది ఆయనే. అక్క ప్రాణం ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. ఆయనకు కోపమొస్తే అక్క గతేమిటి?

మా అక్కకు ఈ మందు ఇవ్వబోతున్నారని రాశాను. రాసింది పైకి చదివి, ఆ వెంటనే వదిలేసిన పేజీ కూడా చదివాను. రిజిస్ట్రీ సంగతి చెప్పాను.

"అంటే, నేను అమ్ముడుపోయానంటావా అమ్మా?" అన్నారు పెద్దాయన.

"నేనా మాట అన్లేదండీ. ఏడాది లెక్క ఏదని అడుగుతున్నాను."

ఆయన భుజాలు ఎందుకు తడుముకున్నారో మిగతావాళ్ళకీ అనుమానం వచ్చినట్టుంది. సంబంధమున్నవాళ్ళు నిర్ణయం అయ్యేదాకా బయట ఉండాలన్నది నియమం కాబట్టి సూపరింటెండెంటు నన్ను వెళ్ళమన్నారు. నియమం నా ఒక్కదానికేనా అని అడిగాను. ఆయన పెద్దాయననూ బయటికి వెళ్ళమన్నారు.

వరండాలో ఒకే బల్ల. ఇద్దరం చెరో చివర కూర్చున్నాం.

"ఐదో నెలలో, అధ్యయనంలో ఉన్న నా పేషెంట్లిద్దరికి మెదడులో రక్తస్రావమైంది," అన్నారు పెద్దాయన. "కంపెనీకి రిపోర్టు పంపాను. పత్రం మూడు నెలల దగ్గరే ఆపారు. మిగతాది తర్వాత వేస్తామన్నారు. సరేనన్నాను."

"ఆ ఇద్దరూ?"

బతకలేదని తల అడ్డంగా ఊపారు. "ఇద్దరితో మందు చెడ్డదని తేలదు."

"తేలదండీ. తేలాలంటే అందరి లెక్కా బయట ఉండాలి కదా. మా అక్కకు ఆపండి."

ఆయన వార్డుకు ఫోన్ చేశారు. చూసొస్తానని నర్సు వెళ్ళింది. మాత్ర ట్రేలో పెట్టామనీ, ఇంకా ఇవ్వలేదనీ తిరిగొచ్చి చెప్పింది. పాతదే ఇవ్వమన్నారాయన. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

కళ్ళు తుడుచుకుంటుంటే లోపలినుంచి సూపరింటెండెంటు గొంతు వినిపించింది. ఆమోదించేవాళ్ళు చేతులెత్తమంటున్నారు.

"మీరిప్పుడు ఆపింది ఒక్క మంచానికేనండీ," అన్నాను.

"మనం లోపలికి వెళ్ళకూడదుగా."

"ఓటు వెయ్యకూడదు. చూసింది చెప్పొచ్చు."

ఆయన లేచారు. తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగిపోయారు. ఆయనకు కూడా నా అంత భయమని అప్పుడు తెలిసింది. నేను లేచి పక్కన నిలబడ్డాను.

ఆయన తలుపు తోశారు. లోపల చేతులన్నీ లేచే ఉన్నాయి.