రెండో పోర్టు

పోటీకి ఇంకా రెండు గంటలుంది. షాపింగ్ కాంప్లెక్స్ పై అంతస్తు హాల్లో తెరలు బిగించే పని అన్నయ్యది. ఊళ్ళో ఎక్కడ గేమ్ పోటీ జరిగినా వైర్ల కోసం అతన్నే పిలుస్తారు. ఈసారి ఆడేవాళ్లలో అతని చెల్లెలు కూడా ఉంది. గెలిచినవాళ్లకు జీతమిచ్చే టీములో చోటు. మందుల షాపు కౌంటరు మానేసి సాధన చేస్తానని చెల్లెలు అన్నప్పుడు, నాన్న దగ్గర నిలబడి "ఒక్క ఏడాది ఇవ్వు నాన్నా, పూచీ నాది" అన్నది అన్నయ్యే. ఆ ఏడాది నేటితో సరి.

మిగతా ఆటలన్నీ మానిటర్ల మీదే. ఫైనల్ మాత్రం పోటీని స్పాన్సర్ చేసిన టీవీ కంపెనీ వాళ్ల పెద్ద టీవీ మీద ఆడాలట.

"ఆడేవాళ్లకు మానిటరు పెడదాం సార్, జనానికి టీవీ పెడదాం. ఒకే సిగ్నల్ని రెండింటికీ పంచొచ్చు," అన్నాడు అన్నయ్య.

"ఆడేవాళ్లే మా టీవీ వైపు చూడకపోతే జనం ఎందుకు చూస్తారయ్యా?" అన్నాడు కంపెనీ మేనేజరు. "గేమ్ మోడ్ ఉంది కదా. అది పెట్టు, చాలు."

మాట నిజమే. టీవీ తన దగ్గరికొచ్చిన ప్రతి బొమ్మనూ కాసేపు ఆపుకుంటుంది. మచ్చలు తుడిచి, రంగు దిద్ది, కదలిక నునుపు చేసి, ముస్తాబంతా అయ్యాకే బయటికి పంపుతుంది. సినిమా చూసేవాడికి దాంతో నష్టమేమీ లేదు. బటన్ నొక్కేవాడికి మాత్రం తెర మీద కనిపించేది అప్పటికే పాతబడిన వార్త. గేమ్ మోడ్ పెడితే ఆ ముస్తాబులో చాలావరకు మానేస్తుంది. మానిటరుకు మొదటినుంచీ ఆ షోకులు తక్కువ.

అన్నయ్య నోటిమాట నమ్మే రకం కాదు. సెకనుకు రెండువందల నలభై బొమ్మలు తీసే ఫోన్ కెమెరా ముందు చెల్లెలి చేత బటన్ నొక్కించి, తెర మీద బొమ్మ కదిలేదాకా ఫోన్‌లో ఎన్ని బొమ్మలు పడ్డాయో లెక్కపెట్టాడు. మానిటరు మీద పదిహేడు. టీవీలో గేమ్ మోడ్ లేకుండా నలభై మూడు. గేమ్ మోడ్ పెట్టాక ఇరవై.

"పదిహేడుకీ ఇరవైకీ తేడా నీకు తెలుస్తుందా?" అని అడిగాడు.

"కొత్త చెప్పుల్లా ఉంది. నడవొచ్చు," అంది చెల్లెలు. "ఆ నలభై మూడు మాత్రం పెట్టకు అన్నయ్యా. దానికన్నా కళ్లకు గంతలు కట్టెయ్."

ఆమె భయం ఊరికే కాదు. ఆటవాళ్లు ఆమెను 'గోడ' అంటారు. ఎదుటివాడి దెబ్బ మొదలవడం చూసి, అది తగిలేలోపు అడ్డుకోవడమే ఆమె ఆట. సెకనును వంద వంతులు చేస్తే ఆ దెబ్బకు పట్టేది నలభై వంతులు. చూసి తేల్చుకుని నొక్కడానికి ఆమెకు పాతిక వంతులు చాలు. మధ్యలో మిగిలే ఆ కాస్త సందులోనే ఆమె గెలుపంతా ఉంది. గేమ్ మోడ్ లేని టీవీ పద్దెనిమిది వంతులు మింగేస్తే ఆ సందు పూడిపోతుంది.

"నేనున్నాగా, నువ్వు ఆట చూసుకో," అన్నాడు అన్నయ్య.

అనుకున్నట్టే ఆమె ఫైనలుకు వచ్చింది. అవతల 'గాలివాన' అనే కుర్రాడు. ఆగకుండా బాదడం అతని తీరు. ఇద్దరూ స్టేజీ ఎక్కబోతుంటే మేనేజరు ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మా ప్రకటన ఇందులో ఉంది. మావాళ్లు రిమోట్‌ని టీవీ మొదటి పోర్టుకు సెట్ చేశారు, ల్యాప్‌టాప్ వైరు అందులోనే పెట్టాలి. నీ గేమ్ వైరు రెండోదానికి మార్చవయ్యా, త్వరగా. అవతల జనం ఈలలేస్తున్నారు!"

అన్నయ్య టీవీ వెనక్కి వంగి వైరు పీకి రెండో పోర్టులో గుచ్చాడు. బొమ్మ వచ్చింది. రంగులు నిగనిగలాడాయి. రిఫరీ చెయ్యి ఊపాడు. ఆట మొదలైంది.

ఐదింట మూడు గెలవాలి. మొదటి ఆటలో చెల్లెలు రెండు దెబ్బలు తిన్నప్పుడు కంగారుపడిందనుకున్నాడు. ఆట పోయింది. రెండో ఆటలో గాలివాన అదే దెబ్బ నాలుగుసార్లు వేశాడు. నాలుగుసార్లూ ఆమె చెయ్యి కదిలింది, నాలుగుసార్లూ దెబ్బ తగిలాకే కదిలినట్టు కనిపించింది. వెనక ఎవరో "గోడకు చెదలు పట్టిందిరోయ్!" అని అరిచారు. హాలంతా నవ్వింది.

ఆ నవ్వులో అన్నయ్యకు గుర్తొచ్చింది. ఈ టీవీలో గేమ్ మోడ్ ఏ పోర్టుది ఆ పోర్టుకే. తను పెట్టింది మొదటిదానికి. వైరు ఇప్పుడు రెండోదానిలో ఉంది. ఆ నిగనిగ ముస్తాబుదే.

ఆలస్యం ఇద్దరికీ ఒకటే. కానీ బాదేవాడు ముందే అనుకున్నది నొక్కుతాడు, కాచుకునేవాళ్లు చూశాకే నొక్కాలి. నష్టం ఎవరికో అతనికి తెలుసు.

తెరలో లోపముంటే టెక్నీషియన్ చెయ్యెత్తాలి, ఆట ఆపి మళ్లీ ఆడించాలి. నిబంధనల కాగితంలో ఆ వాక్యం రాసింది అతనే. చెయ్యి సగం లేచింది. చెల్లెలు ఓడిపోతుంటే అన్న ఆట ఆపాడంటారు. వైరు మార్చిందెవరని అడుగుతారు. చూసుకోలేదా అంటారు. రేపటినుంచి వైర్లకు ఎవరు పిలుస్తారు? ఈ ఆట అయ్యాక చెబుదాం, గెలిస్తే చెప్పక్కర్లేదు కూడా, అనుకున్నాడు. లేచిన చెయ్యి మెడ గోక్కుని కిందికి దిగింది.

మూడో ఆట ఎంతోసేపు పట్టలేదు.

చెల్లెలు దిగి వచ్చింది. ఏడవలేదు. అరచేతులు చుడీదారుకు తుడుచుకుంటూ అడిగింది.

"అన్నయ్యా, గేమ్ మోడ్ ఉందా?"

ఆమె కళ్లలో అనుమానం లేదు. ఉంటే బాగుండేది.

"ఉంది," అన్నాడు.

"నువ్వు చూశావా?"

"పొద్దున నీ ముందేగా చూశాం."

ఆమె తలూపింది. "అయితే నా చేతులదే తప్పు. నాకు తెలుస్తూనే ఉంది, ఆలస్యమవుతున్నాయి. పెద్ద స్టేజీ చూసేసరికి బిగుసుకుపోయినట్టున్నాయి. ఇక పనికిరావులే." సాధన చేసిచేసి బటన్లు అరిగిన కంట్రోలరును అతని సామాను పెట్టెలో పెట్టింది. "ఎవరైనా కొత్తగా నేర్చుకునేవాళ్లుంటే ఇచ్చెయ్. నాన్నకు నేనే చెప్తాను. నువ్వు పూచీ పడ్డావని నిన్నేమీ అననివ్వను."

అతను పెట్టె మూత మూశాడు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

హాలు ఖాళీ అయ్యాక రిమోట్ తీసుకుని మెనూ తెరిచాడు. రెండో పోర్టు, గేమ్ మోడ్, ఆఫ్. తెలిసిందే. అయినా ఒకసారి ఆన్ చేశాడు. నిగనిగ తగ్గి బొమ్మ కాస్త వెలిసినట్టయింది. పెట్టెలోంచి చెల్లెలి కంట్రోలరు తీసి తగిలించి బటన్ నొక్కాడు. తెర మీద బొమ్మ ఠక్కున అడ్డుకుంది. ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి.

"ఏమయ్యా, రంగు చచ్చిపోయిందేంటి?" మేనేజరు ఫోన్ పట్టుకుని గెలిచిన కుర్రాణ్ణి వెంటబెట్టుకొస్తున్నాడు. "టీవీ పక్కన ఫోటో తీసుకోవాలి. ఇందాక ఉన్నట్టు పెట్టు!"

అన్నయ్య ఇందాక ఉన్నట్టే పెట్టాడు.