పన్నెండు గ్లాసుల చెమట

ఇలా జరగండి, ఇంకాస్త దగ్గరికి. ఆ చివర కూర్చున్నదాన్ని కూడా ముందుకి రానివ్వండి, చివర కూర్చుంటే సగం కథే వినిపిస్తుంది. అసలు ఈ కథంతా చివర కూర్చున్న ఒక పిల్ల గురించే.

ఒక టీచరమ్మ ఉండేది. కొత్తగా చేరింది, ఆరో తరగతికి సైన్సు చెప్పేది. గదిలో డెబ్భై రెండు మంది పిల్లలు. బెంచీకి నలుగురు కూర్చోవాల్సిన చోట ఆరుగురు. అటెండెన్స్ పిలవడానికే పావుగంట పట్టేది. ఆ డెబ్భై రెండు మందిలో చిట్టచివరి బెంచీలో గోడవార కూర్చునే పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టారు తోటివాళ్ళు. గొంతు అంత చిన్నది మరి. ఆ చిన్న గొంతు కూడా వారం రోజులుగా వినపడటం లేదు. పేరు పిలిస్తే చెయ్యి ఎత్తడమే, పలకడం లేదు.

ఎందుకో టీచరమ్మకి తెలుసు. తెలుసు కాబట్టే ఇంటికెళ్ళాక అన్నం సహించడం లేదు.

వారం కిందట ఏం జరిగిందంటే, ఆవిడ బల్ల మీద ఒక గ్లాసు పెట్టింది. అందులో మంచు ముక్కలు వేసి, అంచుదాకా నీళ్ళు పోసింది. ముక్కలు సగం పైకి తేలుతూ ఉన్నాయి. "ఇవి కరిగాక ఏమవుతుందో చెప్పండి" అంది. ముందు బెంచీలో క్లాసు లీడరు ఉన్నాడు, వాడి గొంతుకి తోటివాళ్ళు పెట్టిన పేరు మైకు. "పొంగిపోతుంది టీచర్!" అన్నాడు వాడు. వాడు అన్నాక ఇంక ఎవరు ఆగుతారు? డెబ్భై గొంతులూ "పొంగిపోతుంది" అన్నాయి. అప్పుడు చివరి నుంచి పిచ్చుక లేచి "పొంగదేమో టీచర్" అంది. "ఎందుకమ్మా?" అంటే, "ఏమో" అంది. గది గదంతా గొల్లున నవ్వింది. టీచరమ్మకి కూడా పెదవి చివర చిన్న నవ్వు జారింది. అదే ఆవిడ గుండెలో ముల్లయి కూర్చుంది.

ఆ నవ్వుతోనే అయిపోయినా బాగుండేది. మంచు కరిగేసరికి గ్లాసు చుట్టూ బల్లంతా తడి. "పొంగింది! పొంగింది!" అని మైకు ఎగిరాడు. పొంగలేదురా అని చెప్పబోయేలోగా గంట కొట్టారు. మర్నాడు పుస్తకం తెరిచి చూపించినా, "మేం కళ్ళారా చూశాం కదండీ" అన్నాడు వాడు. వాడు చూశాడు, నిజమే. రెండో బెంచీ వాళ్ళూ చూశారు. మూడో బెంచీ నుంచి వెనకవాళ్ళకి కనబడింది టీచరమ్మ మోచెయ్యి.

ఆ సాయంత్రం ఆవిడ తన అత్తగారి దగ్గర కూర్చుని ఇదంతా చెప్పుకుంది. అత్తగారు చిక్కుళ్ళు ఒలుస్తూ వింది.

"నువ్వు చూపించావు సరే, వాళ్ళు చూశారా?" అంది అత్తగారు.

"అదేగా అత్తయ్యా, నా బాధ."

"మరి ఒక్క గ్లాసేంటే, ఇంట్లో గ్లాసులకి కరువొచ్చిందా?"

టీచరమ్మ అత్తగారి మొహం చూసి నవ్వేసింది. ఆ మాటతో ఆవిడకి దారి దొరికింది. మొత్తం పన్నెండు స్టీలు గ్లాసులు, గ్లాసుకి ఆరుగురు. ఫ్రిజ్‌లో మంచు పళ్ళేలు నాలుగు రోజులపాటు నిండుతూనే ఉన్నాయి. "ఇదేం విడ్డూరమే తల్లీ, కూర పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది నా ఫ్రిజ్‌లో" అని అత్తగారు గొణిగినా, తెల్లారగానే మంచునంతా రెండు ఫ్లాస్కుల్లో పోసి మూత బిగించింది. బడిగేటు దాకా ఒక ఫ్లాస్కు తనే మోసుకొచ్చింది కూడా.

తరగతిలో టీచరమ్మ మొదట చేసిన పని బెంచీలన్నీ గోడకి తోయించడం. రాసుకునే బల్లలు ఏటవాలుగా ఉంటాయి కదా, వాటి మీద అంచుదాకా నింపిన గ్లాసు పెడితే కథ అక్కడే ముగుస్తుంది. అందుకని అందరూ నేల మీదే. పన్నెండు గుంపులు, ఒక్కో గుంపు మధ్య ఒక తెల్ల కాగితం, దాని మీద గ్లాసు.

"ముందు ఎవరూ నీళ్ళు ముట్టుకోవద్దు" అంది. "చిన్న చీటీ తీసుకోండి. మంచు కరిగాక నీళ్ళు పొంగుతాయా, తగ్గుతాయా, అలాగే ఉంటాయా? మీకేమనిపిస్తే అది రాయండి. పక్కవాడి చీటీ చూడొద్దు. తప్పయినా మార్కులు పోవు. రాశాక మాత్రం కొట్టివేయకూడదు, మడిచి జేబులో పెట్టుకోవాలి."

"నేను చెప్పనా టీచర్?" అని మైకు లేవబోయాడు.

"నువ్వు కూడా చీటీతోనే చెప్పు నాయనా. ఇవాళ నీ గొంతుకి సెలవు."

అందరూ నవ్వారు. మైకు కూడా నవ్వాడు.

తరవాత అందరినీ కళ్ళు మూసుకోమని, ఒక్కో మాటకీ చేతులెత్తించి, ఎన్నో లెక్కపెట్టి బోర్డు మీద రాసింది. పొంగుతుందన్నవాళ్ళు అరవై ముగ్గురు. తగ్గుతుందన్నవాళ్ళు ఆరుగురు. అలాగే ఉంటుందన్నవాళ్ళు ముగ్గురు. పిచ్చుక చెయ్యి ఎటు లేస్తుందో అని టీచరమ్మ కళ్ళు ఊరికే అటే పోయాయి. ఆ చిన్న చెయ్యి "పొంగుతుంది" అన్నప్పుడే లేచింది. పిల్ల తను అనుకున్నది వదిలేసి, నవ్వినవాళ్ళ వైపు చేరిపోయింది.

టీచరమ్మ పనిలో పడింది. గ్లాసుల్లో సగందాకా నీళ్ళు పోయించి, రెండేసి చుక్కలు నీలి సిరా వేయించింది. ప్రతి గ్లాసులోనూ నాలుగు చిన్న మంచు ముక్కలు వేసి, చెంచాతో కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ సరిగ్గా అంచుదాకా తెప్పించింది. ఆపైన ఇంకో నియమం పెట్టింది. ఎప్పుడు తను చప్పట్లు కొడితే అప్పుడు గుంపులో ఒకరు నేల మీద బోర్లా పడుకుని, కన్ను అంచుకి సమానంగా పెట్టి చూసి, గుంపుకి చెప్పాలి. ఆ తరవాత రెండోవాళ్ళు, మూడోవాళ్ళు. ఆరుగురి వంతూ అయ్యేదాకా. చూడకుండా ఎవరూ మిగలకూడదు.

ఆ గదిని చూసి ఉంటే మీరూ నవ్వేవాళ్ళు. పన్నెండు మంది పిల్లలు బొద్దింకల్లా నేలకి కరుచుకుని ఉన్నారు. మిగిలినవాళ్ళంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పెద్ద సారు వరండాలో పోతూ తలుపు దగ్గర ఆగాడు. డెబ్భై రెండు మంది ఉన్న గది అంత నిశ్శబ్దంగా ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. కాసేపు చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు.

కిటికీ దగ్గర గుంపులో ఒకడి మోకాలు తగిలి గ్లాసు కదిలింది. నీళ్ళు ఒలికి, తెల్ల కాగితం మీద నీలపు మచ్చ పడింది. "అయ్యయ్యో" అని వాళ్ళ మొహాలు వాడిపోయాయి. "పోనీలేరా, ఆ కాగితం తియ్యొద్దు, అలాగే ఉంచండి. దాంతో పనుంటుంది" అంది టీచరమ్మ.

పావుగంట దాటేసరికి గ్లాసులన్నీ తడిసి ముద్దయ్యాయి. కింది కాగితాలూ చెమ్మగిల్లాయి. మైకు ఇంక ఆగలేకపోయాడు.

"పొంగింది టీచర్! కాగితం తడిసింది చూడండి!"

"నీ గ్లాసేనా, అందరివీనా?"

"అందరివీ!" అని అన్ని గుంపులూ అరిచాయి. ఆవిడ నాలుక చివరిదాకా మాట వచ్చింది, మింగేసింది. తను చెబితే మళ్ళీ అది తన మాటే అవుతుంది.

అప్పుడు గోడవార గుంపులో పిచ్చుక బోర్లా పడుకుని ఉంది, వంతు దానిదే. దాని ముక్కు దాదాపు గ్లాసుకి ఆనుతోంది. తల ఎత్తకుండానే నెమ్మదిగా అంది:

"ఇది నీలంగా లేదు."

ఎంత మెల్లగా అందంటే పక్క గుంపుకే వినపడాలి. టీచరమ్మకి వినపడింది. వారం తరవాత వినపడిన గొంతు మరి.

"ఏంటమ్మా?"

పిల్ల బెదిరింది. తిరిగి చూసింది. అందరూ తననే చూస్తున్నారు. అయినా చెప్పింది: "లోపల నీళ్ళు నీలం. బయటి చుక్కలు తెల్లగా ఉన్నాయి. కిటికీ దగ్గర ఒలికింది మటుకు నీలంగా ఉంది కదా."

గది అంతా కిటికీ వైపు, మళ్ళీ తమ కాగితాల వైపు చూసింది. కిటికీ దగ్గరిది తప్ప, తడి కాగితాల్లో ఒక్కదానికీ నీలం లేదు.

మైకు ఊరుకుంటాడా? కానీ ఆ రోజు వాడూ నిజంగానే ఆలోచించాడు. "అయినా కరిగిన మంచు తెల్లగానే ఉంటుందిగా. పైన తేలిన మంచు నీళ్ళే జారుండొచ్చు" అన్నాడు. మంచి మాటే అది. టీచరమ్మ పిచ్చుకని చూసింది. పిచ్చుక నేలని చూస్తోంది.

"మా ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి కూడా ఇలాగే చెమట పడుతుంది" అంది చివరికి. "దానికి మూత ఉంటుంది. సగమే ఉన్నా పడుతుంది."

"అయితే చూద్దాం" అంది టీచరమ్మ. "చీటీకి రెండో వైపు రాయండి. సగం గ్లాసు నీళ్ళలో మంచు వేసి, బయట బాగా తుడిచి, మూత పెడితే, బయట తడి వస్తుందా, రాదా?"

ఈసారి ఎవరూ పక్కకి చూడలేదు. తలకాయలన్నీ చీటీల మీదే. గ్లాసులు సగానికి వంపారు, ఫ్లాస్కుల్లో మిగిలిన మంచు వేశారు, చొక్కా అంచులతో తుడిచారు, మీద నోటుపుస్తకం అట్టలు మూశారు. కాసేపటికి, సగం నీళ్ళున్నంత మేర గ్లాసు వెలుపల సన్నని చుక్కలు మొలిచాయి. పైన నీళ్ళు లేని చోట గ్లాసు దాదాపు పొడిగానే ఉంది. మూత కింద, సగం నీళ్ళు పొంగేదెలా?

"ఒరే, ఇది ఎక్కణ్ణుంచో వస్తోందిరా!" అన్నాడు మైకు, ఈసారి గొంతులో గెలుపు లేదు, ఆశ్చర్యం ఉంది.

"గాలిలోంచి" అంది టీచరమ్మ. "గాలిలో మనకి కనబడని తేమ ఉంటుంది. చల్లటి గ్లాసుని తాకేసరికి చుక్కలవుతుంది. ఇక మంచు సంగతి. అది నీళ్ళలో ఎంత చోటు ఆక్రమించిందో, కరిగాక సరిగ్గా ఆ చోటుకే సరిపోతుంది. అందుకే మొదటి గ్లాసు అంచు దాటలేదు. వారం కిందట బల్ల మీది తడీ ఇదే. ఆ రోజు నేను మీకు సరిగ్గా చూపించలేకపోయాను, తప్పు నాది. నవ్వినందుకు కూడా."

ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు ఆవిడ గోడవారకే చూసింది. పిచ్చుక గ్లాసు మీది చుక్కలని వేలితో కలుపుతోంది, విననట్టే. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

గంట కొట్టారు. అందరూ చీటీలు బల్ల మీద పెట్టి పోయారు. ఖాళీ గదిలో టీచరమ్మ ఒక్కొక్కటే విప్పింది. ఒక చీటీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. "పొంగుతుంది" అని ఉంది దాని మీద. నియమం ప్రకారం కొట్టివేత లేదు. కింద ఎప్పుడు రాసిందో చిన్న అక్షరాల్లో: "నాకు పొంగదనే అనిపించింది. భయమేసి ఇలా రాశాను. ఇవాళ చూశాను. పొంగలేదు."

మర్నాడు అటెండెన్స్ పిలిచింది. గోడవారనుంచి "ప్రెజెంట్ టీచర్" అని వినపడింది. ఆవిడ పెన్ను ఆపి, సరిగ్గా వినపడలేదన్నట్టు ఇంకోసారి పిలిచింది. ఆ గొంతు ఇంకోసారి వినాలని.

ఆ పన్నెండు గ్లాసుల్లో రెండు సిరా మరకలతో ఇంటికొచ్చాయి. అత్తగారు వాటిని తోమకుండా విడిగా పెట్టింది. "ఉండనీయవే, ఇవి చదువుకున్న గ్లాసులు" అందట.

ఇంతేనర్రా. ఇది మీరు మరిచిపోకండి. రేపు మీ పిల్లలకి చెబుతున్నప్పుడు, ఆ పిల్ల గొంతు దగ్గరికొచ్చేసరికి మీరూ గొంతు తగ్గించండి. చివర కూర్చున్నవాళ్ళకి వినపడిందో లేదో ఒకసారి అడిగి, ఆ తరవాతే ముందుకి పోండి.