కుప్పం పోస్టింగు

పాల కంపెనీలో కొత్తగా చేరిన ఇద్దరికీ జీతం ఒకటే. యువరాజ్‌ను కుప్పం శీతలీకరణ కేంద్రానికి, అంబికను మదనపల్లె ల్యాబుకు వేశారు. ఆ జాబితా రాసింది ల్యాబు సీనియర్ తాహెరా.

"మేడం, నన్ను యాల కుప్పానికి వెయ్యలేదు?" అని అంబిక అడిగింది.

"ఆడ తెల్లారకముందే పాలబండ్లు వస్తాయమ్మా. ఆడపిల్లవు, ఇబ్బందని..."

"పుంగనూరులో మూడింటికే లేసి మా ఆవుల్ని పిండేది నేనే. ఒక మాట అడిగింటే ఏం పోయుండేది?"

తాహెరా నవ్వబోయి ఆగింది. పద్నాలుగేళ్ల కిందట తననూ ఇలాగే, అడగకుండా ఇక్కడ ఉంచారు. అప్పుడు సంతోషించింది. మేనేజరు కావాలంటే కుప్పంలాంటి కేంద్రంలో రెండేళ్లు ఫీల్డు పని చేసి ఉండాలన్న సంగతి, తనతోపాటు చేరి అక్కడికి వెళ్లినవాడికి ప్రమోషను వచ్చాకే తెలిసింది. ఏటా ఇంక్రిమెంటు జీతంలో ఇంత శాతమని ఇస్తారు కాబట్టి, ఇద్దరి జీతాల మధ్య తేడా ఏటికేడు పెరిగింది. ఈ రోజు ఆమెకు అతనే మేనేజరు.

ఇదంతా అంబికకు చెప్పి, ఆమెను కుప్పానికి మార్చమని అతనికి ఫోన్ చేసింది.

"యువరాజ్ పొద్దున్నే చేరిపోయినాడు. ఇంక రెండేండ్లకే ఖాళీ. ఆ పిల్లకు ఈడే సుఖం కదమ్మా!" అన్నాడు.

"తర్వాతి ఖాళీ నాకు కావాలని కాగితం రాసియ్యి," అంది తాహెరా అంబికతో. "రేపు నువ్వు అడగలేదని ఎవరూ అనకూడదు."

అంబిక రాసింది. తాహెరా తేదీ వేసి సంతకం పెట్టింది. ఆ పిల్లకు రెండేళ్లు మాత్రం, జాబితా రాసిన తన చేత్తోనే పోయాయి.